రాత్రి పాలిచ్చిన గేదె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటే: దొమ్మ రోగం అనుమానంలో మొదటి గంట నుంచి గొయ్యి పూడ్చేదాకా

ఆగస్టు నెల, వానలు పడి మధ్యలో పది రోజులు ఎండ కాసిన సమయం. పొద్దున ఆరు కాకముందే ఫోన్. "సార్, ముర్రా గేదె సార్, రాత్రి పాలు కూడా ఇచ్చింది, ఇప్పుడు చూస్తే కాళ్ళు చాపేసి పడుంది, కడుపు డోలులా ఉబ్బిపోయింది." నేను అడిగింది ఒక్కటే: ముక్కులోంచి గానీ వెనక నుంచి గానీ రక్తం కారిందా? "ముక్కు దగ్గర నల్లగా ఏదో కారింది సార్, ఈగలు ముసురుతున్నాయి." అప్పుడు చెప్పాను, నేనొచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, కత్తి అసలు పెట్టనివ్వొద్దు, కుక్కల్ని దగ్గరికి రానివ్వొద్దు అని. అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "తోలు తీసేవాళ్ళకి ఇప్పుడే కబురు పెట్టాం సార్" అన్నాడు.

ఆ కబురు ఆపగలిగాం. కానీ దానికి నాలుగు రోజుల ముందే అదే బీడులో మేసిన పక్కింటి ఎద్దు ఒకటి ఇలాగే చచ్చిందని, పాము కరిచిందనుకుని కోసేశారని, మాంసం పంచుకున్నారని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆ ఎద్దు సంగతి తర్వాత చెబుతాను. గేదె విషయంలో చేసిన పనులు వరసగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ రోగంలో మొదటి రెండు మూడు గంటల్లో ఏం చేశామన్నదాన్ని బట్టే ఆ పొలం వచ్చే ముప్పై నలభై ఏళ్ళు ఎలా ఉండబోతుందో తేలిపోతుంది.

ముందు, కోయకూడదు అని ఎందుకంటున్నానో

ఇది అర్థమైతే మిగతావన్నీ మీకే తడతాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. పశువు చనిపోయే సమయానికి దాని ఒక్క మిల్లీలీటరు రక్తంలోనే ఈ క్రిములు కోట్లలో ఉంటాయి. కానీ ఆ కళేబరం లోపల ఉన్నంతసేపు అవి బలహీనమైన క్రిములే. లోపల గాలి ఆడదు, పైగా పేగుల్లోంచి వచ్చే కుళ్ళబెట్టే క్రిములు వీటిని తినేసినంత పని చేస్తాయి. మన దగ్గర ఉండే వేడికి, తెరవని కళేబరంలో రెండు మూడు రోజుల్లో వాటిలో దాదాపు అన్నీ చచ్చిపోతాయి.

అదే రక్తం బయటికొచ్చి గాలి తగిలిందనుకోండి, క్రిమి తన చుట్టూ గట్టి పెంకు కట్టుకోవడం మొదలుపెడుతుంది. దాన్నే స్పోరు అంటారు, తెలుగులో సిద్ధబీజం. కొన్ని గంటల్లో మొదలై ఒకటి రెండు రోజుల్లో ఆ పని పూర్తవుతుంది. ఇక దానికి ఎండ పట్టదు, వాన పట్టదు, తిండి అక్కర్లేదు. మట్టిలో దశాబ్దాల తరబడి అలా పడి ఉండి, ఒక పశువు గడ్డితో పాటు మింగినప్పుడు మళ్ళీ లేస్తుంది.

ఎంత కాలం ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. స్కాట్లాండ్ తీరంలో గ్రూయినార్డ్ అనే చిన్న దీవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటన్ సైన్యం అక్కడ గొర్రెల మీద ఈ స్పోర్లతో బాంబు పరీక్షలు చేసింది. ఆ తర్వాత ఆ దీవిలో మనిషి అడుగు పెట్టకుండా మూసేశారు. 1986లో సముద్రపు నీటిలో కలిపిన ఫార్మాల్డిహైడ్‌తో నేలంతా తడిపి, బాగా కలుషితమైన చోట మట్టినే తీసేసి, చివరికి 1990లో గానీ ఫర్వాలేదని ప్రకటించలేదు. యాభై ఏళ్ళకు దగ్గర దగ్గర. అది ఒక ప్రభుత్వం డబ్బు పోసి చేసిన పని. మన బీడు భూమిని అలా ఎవరు శుభ్రం చేస్తారు?

అంటే తెరవని కళేబరం మూడు రోజుల సమస్య, తెరిచిన కళేబరం మన పిల్లల కాలం దాకా ఉండే సమస్య. కోసినవాడి చేతికి పుండు పడటం ఒక ప్రమాదమైతే, నేల చెడిపోవడం రెండోది. పోస్టుమార్టం చేసి చూద్దామని పశువైద్యులు కూడా అనకూడని రోగం ఇది. ప్లీహం ఉబ్బి నల్లగా ముద్దలా ఉంటుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది, నిజమే, కానీ దాన్ని చూడటానికి కడుపు కోయడమే తప్పు.

మొదటి గంట: దూరం నుంచి చూడటం

పశువుకు పది అడుగుల దూరంలో నిలబడి చూడండి. దొమ్మలో సాధారణంగా కనిపించేవి ఇవి: నిన్నటిదాకా బాగానే ఉన్న పశువు అకస్మాత్తుగా చనిపోవడం, చచ్చిన కాసేపటికే కడుపు విపరీతంగా ఉబ్బడం, ముక్కు, నోరు, మలద్వారం, మానం నుంచి నల్లటి తారులాంటి రక్తం కారడం, ఆ రక్తం గడ్డ కట్టకపోవడం, గంటలు గడిచినా కాళ్ళు పూర్తిగా కట్టెబారకపోవడం. రక్తం గడ్డ కట్టిందా లేదా అని పుల్లతో కెలకొద్దు. గడ్డ కట్టని రక్తం పలచగా సాగుతూ నేల మీద పారి ఉంటుంది, చూస్తేనే తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. రక్తం కారలేదు కాబట్టి దొమ్మ కాదు అనుకుంటారు. రక్తం కారకుండా చనిపోయేవీ ఉంటాయి. రక్తం ఉంటే అనుమానం బలపడుతుంది, లేకపోతే అనుమానం పోదు, అంతే.

ఇలా హఠాత్తుగా చనిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి. పిడుగు పడితే దగ్గర్లో చెట్టు కాలిన గుర్తో, చర్మం మీద వెంట్రుకలు కమిలిన గీతో కనిపిస్తుంది. లేత జొన్న పిలకలు మేసి విషమెక్కితే మేసిన అరగంటలోనే గిలగిలా కొట్టుకుంటుంది, రక్తం ఎర్రగా మెరుస్తుంది. గొంతువాపులో గొంతు కింద వాచి గురక పెట్టి చనిపోతుంది, జబ్బవాపులో తొడో జబ్బో వాచి, నొక్కితే గరగర శబ్దం వస్తుంది, అది కూడా ఎక్కువగా వయసులో ఉన్న దూడల్లో. కానీ ఇవన్నీ తేల్చాల్సింది మీరు కాదు. అకస్మాత్తుగా చనిపోయిన ఏ పశువునైనా, కారణం కళ్ళ ముందు కనిపిస్తే తప్ప, దొమ్మ అయి ఉండొచ్చు అనుకునే నడుచుకోండి. తర్వాత కాదని తేలితే పోయేది ఒక తోలు ఖరీదు మాత్రమే.

చూశాక వెంటనే ఫోన్ చేయండి. ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా 1962కి చేయొచ్చు, మీ ఊరి పశుసంవర్ధక సహాయకుడికో మండలం డాక్టరుకో చేసినా సరే. ఇది మర్యాద కోసం చేసే ఫోన్ కాదు, పశువుల్లో అంటురోగాల నివారణకు 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి రోగం అనుమానం వస్తే తెలియజేయడం యజమాని బాధ్యత.

ఫోన్ చేశాక డాక్టరు వచ్చేలోపు చేయాల్సింది కాపలా. ఒక మనిషిని కర్ర ఇచ్చి కూర్చోబెట్టండి. కుక్కలు, కాకులు, పందులు ముట్టుకోకూడదు, అవి పొట్ట చీలిస్తే మనం కోసినట్టే లెక్క. చుట్టూ ముళ్ళకంప వేయండి, టార్పాలిన్ ఉంటే కప్పండి, అంచుల మీద రాళ్ళు పెట్టండి. ఆ టార్పాలిన్ మళ్ళీ ఇంటికి రాదు, కాబట్టి పాతదే తెచ్చుకోండి. మిగతా పశువుల్ని ఆ బీడు నుంచి, ఆ గుంట నీళ్ళ నుంచి వేరే చోటికి మార్చండి.

చెవి కోయొద్దు

భీమా చేయించిన పశువు అయితే ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. నేను మళ్ళీ మళ్ళీ చూసిన చిక్కు కాబట్టి విడిగా రాస్తున్నాను. ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు అన్న నిబంధన రైతులందరికీ తెలుసు. పశువు చచ్చిపోగానే ముందు చేసే పని కత్తి తీసుకుని ట్యాగుతో సహా చెవి కోసి జేబులో వేసుకోవడం. చెవిలో రక్తం బాగా ఉంటుంది. అంటే అప్పుడు చెయ్యి, కత్తి, జేబు, నేల, నాలుగూ పాడయ్యాయన్నమాట.

ట్యాగు చెవికి ఉండగానే నంబరు కనిపించేలా ఫోన్లో రెండు మూడు ఫొటోలు తీయండి, దూరం నుంచి జూమ్ చేసి తీసినా సరిపోతుంది. పశువు మొత్తం కనిపించేలా ఒకటి, తల, కొమ్ములు కనిపించేలా ఒకటి. డాక్టరు వచ్చాక గ్లవ్స్ వేసుకుని ఆయన తీస్తారు, మందు నీళ్ళలో ముంచి ఇస్తారు. ఇక పోస్టుమార్టం రిపోర్టు లేకపోతే భీమా డబ్బు రాదేమోనన్న భయం. గేదె యజమాని కూడా నన్ను పక్కకు పిలిచి అడిగింది ఇదే: "కోయకపోతే కాగితం ఎలా ఇస్తారు సార్?" దొమ్మ అనుమానం ఉంది కాబట్టి పోస్టుమార్టం చేయకూడదు, రక్తపు పూత పరీక్షలో ఇది తేలింది అని నేను సర్టిఫికెట్ మీద రాశాను. భీమా వాళ్ళకి కళేబరం పూడ్చకముందే ఫోన్ చేయించాను. పూడ్చాక చెబితే వాళ్ళు ప్రశ్నలు వేస్తారు, అందుకే ముందే చెప్పాలి.

డాక్టరు వచ్చాక జరిగేది

నేను ఎనిమిదిన్నరకు చేరాను. గమ్ బూట్లు, రెండు జతల గ్లవ్స్, ఏప్రాన్, మాస్కు. చెవి సిరలోంచి సన్నటి సూదితో ఒక్క చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూత వేసి, సూది గుచ్చిన చోట ఫార్మలిన్ దూది అదిమాను. అంతకు మించి పశువు నుంచి తీయాల్సింది ఏమీ లేదు. ఆ పూతకు పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే, చివరలు కత్తిరించినట్టున్న నీలం రంగు కడ్డీలు గొలుసుల్లా వరసగా, వాటి చుట్టూ లేత గులాబీ రంగు పొర. ఆ గులాబీ పొరే గుర్తు. ఇంకో పూతను నిర్ధారణ కోసం ల్యాబుకు పంపాం, కానీ ఆ రిపోర్టు కోసం కళేబరాన్ని ఎండలో ఉంచలేదు.

దీనికి ఒక పరిమితి ఉంది. చచ్చి ఒక రోజు దాటిన కళేబరంలో కుళ్ళబెట్టే క్రిములు నిండిపోతాయి, అవీ కడ్డీల్లాగే కనిపిస్తాయి, దొమ్మ క్రిములేమో చచ్చిపోతూ ఉంటాయి. పూతలో ఏమీ కనపడలేదని అప్పుడు నిశ్చింతగా ఉండలేం. అందుకే ఉదయం ఫోను సాయంత్రానికి వాయిదా వేయొద్దంటాను.

తర్వాత ముక్కు, నోరు, మలద్వారం, మానం, అన్ని రంధ్రాల్లో పది శాతం ఫార్మలిన్‌లో తడిపిన గుడ్డలు కుక్కాం. దుకాణంలో దొరికే ఫార్మలిన్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపితే పది శాతం అవుతుంది. కళ్ళు మండుతాయి, ఊపిరి ఆడదు, కాబట్టి గాలి వాటానికి ఎదురుగా నిలబడొద్దు, ఇది డాక్టరు దగ్గరుండి చేయించాల్సిన పని. ఫార్మలిన్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి, ప్రమాదకరమైన ఆవిర్లు వస్తాయి.

ఫినాయిల్ చల్లేశాం సార్ అని ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు చెబుతారు. ఫినాయిల్ ఈ స్పోర్లను చంపదు. డెట్టాల్ చంపదు, చేతికి రాసుకునే శానిటైజర్ కూడా చంపదు. చేతులకు సబ్బు, ధారగా పోసే నీళ్ళు మేలు, ఎందుకంటే అవి చంపకపోయినా కడిగేస్తాయి.

గొయ్యా, చితా?

పూర్తిగా కాల్చి బూడిద చేయడం అన్నిటికంటే మంచి పద్ధతి, అందులో మారు మాట లేదు. కానీ నిజం చెప్పాలంటే మన ఊళ్ళలో అది సరిగ్గా జరగడం నేను చాలా తక్కువ సార్లు చూశాను. అయిదు వందల కిలోల గేదె తడి శరీరం కాలి బూడిద కావాలంటే మనిషి చితికి పేర్చినన్ని కట్టెలు ఏ మూలకూ చాలవు, ట్రాక్టర్ లోడు ఎండు కట్టె కావాలి, కింద నుంచి గాలి ఆడేలా కాలువలు తవ్వి వాటి మీద కట్టెలు పేర్చి పశువును ఎత్తి పెట్టాలి, రాత్రంతా మనిషి కాపలా ఉండి మళ్ళీ మళ్ళీ కట్టెలు వేయాలి. వానాకాలంలో అది సగంలో ఆరిపోతే పొట్ట పగిలి, సగం కాలిన కళేబరం తెరుచుకుని పడి ఉంటుంది. పూడ్చిన దానికంటే అది అధ్వానం. కాబట్టి కట్టెలు, డీజిలు, మనుషులు, పొడి వాతావరణం, నాలుగూ ఉంటేనే చితి. లేకపోతే గొయ్యి.

గొయ్యి విషయంలో మొదటి సూత్రం, చచ్చిన చోటే, లేదా దానికి ఆనుకునే. ట్రాక్టరుకు తాడు కట్టి ఈడ్చుకెళ్ళడం వద్దే వద్దు, దారి పొడవునా ముక్కు రక్తం నేలకు రాసుకుంటూ పోతుంది. ఆ చోటు పల్లంలో ఉండి నీళ్ళు నిలుస్తాయంటేనో, బావి దగ్గరుంటేనో కదపాల్సి వస్తుంది. అప్పుడు రంధ్రాలు మూశాక మందపాటి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, జేసీబీ బొచ్చెలో ఎత్తుకెళ్ళాలి. బావి, బోరు, వాగు, చెరువు నుంచి ఎంత దూరమైతే అంత మంచిది, నేనైతే వంద మీటర్లకు తగ్గనివ్వను. తవ్వుతుంటే అడుగున నీరు ఊరితే ఆ చోటు వదిలేసి మిట్ట చూసుకోండి.

మా గేదెకు జేసీబీ పదకొండుకు వచ్చింది. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరు, లోతు ఎనిమిది అడుగుల పైనే తవ్వించాం. పడుకోబెట్టిన గేదె మూడడుగుల దాకా ఆక్రమిస్తుంది, ఇంకా అయిదడుగుల మట్టి పైన పడాలి. ఆరడుగుల గొయ్యి చాలు అని జేసీబీ అతను వాదించాడు, అది దూడకు చాలుతుంది, గేదెకు చాలదు.

ఇక్కడ ఇంకో పాత అలవాటు అడ్డం వస్తుంది. మామూలుగా చచ్చిన పశువును పూడ్చేటప్పుడు కడుపులో గాలి పోవడానికి పక్కన కత్తితో పొడుస్తారు, లేకపోతే ఉబ్బి మట్టిని పైకి లేపుతుందని. పారతో పొడవబోయిన అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాను. ఉబ్బు గురించి భయం ఉంటే గొయ్యి ఇంకో అడుగు లోతు తవ్వండి, పైన మట్టి దిబ్బలా పోయండి, పదిహేను రోజుల తర్వాత కుంగితే మళ్ళీ మట్టి వేయండి. పొడవడం మాత్రం కూడదు.

గేదెను దింపాక అసలు ముఖ్యమైన పని మిగిలింది. దాని తల ఆనిన చోట, తోక ఆనిన చోట నేల నల్లగా తడిసి ఉంది. కళేబరం లోపల క్రిములు చస్తాయన్నాను కదా, కానీ ఈ కారిన రక్తంలో ఉన్నవి అప్పటికే గాలి పీలుస్తున్నాయి. తెరవని కళేబరం విషయంలో కూడా పొలం పాడయ్యేది ఎక్కువగా ఇక్కడి నుంచే. ఆ రెండు చోట్లా జానెడు లోతు మట్టిని, చుట్టూ మూరెడు దూరం దాకా ఫార్మలిన్‌తో తడిపి, పారతో తీసి గొయ్యిలో గేదె మీదే వేశాం. కింద పరిచిన గడ్డి, పేడ, తాడు, టార్పాలిన్, మా గ్లవ్స్ అన్నీ అందులోకే. తీసిన చోట ఎండు గడ్డి, కట్టెలు వేసి నేల కమిలేలా కాల్చాం.

సున్నం సంగతి. గొయ్యిలో సున్నం వేయడం మన దగ్గర అందరూ చేసేదే, ప్రభుత్వ సూచనల్లో కూడా చాలా చోట్ల ఉంటుంది. కానీ 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రోగం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో సున్నం వద్దన్నారు, ఎందుకంటే స్పోరు గట్టిదనానికి కాల్షియమే ఒక కారణం, సున్నం వల్ల అవి ఇంకా ఎక్కువ కాలం నిలిచే అవకాశం ఉంది. నేను సున్నం మానేశాను, లోతు మీద, తల కింది మట్టి మీదే నమ్మకం పెట్టాను. మీ డాక్టరు వేయమంటే గొడవ పడొద్దు, కానీ సున్నం వేశాం కదా అని నాలుగడుగుల గొయ్యితో సరిపెట్టొద్దు.

కోసేశారని తర్వాత తెలిస్తే

ఇప్పుడు ఆ ఎద్దు. నాలుగు రోజుల కిందట నలుగురు కలిసి తోలు తీశారు, మాంసం పది పన్నెండు ఇళ్ళకు వెళ్ళింది. నేను ఊళ్ళో అడుగుతూ పోతే తోలు తీసినవాళ్ళలో ఒకాయన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పుండు, మధ్యలో బొగ్గులా నల్లటి పెచ్చు, చుట్టూ వాపు, అంచున చిన్న నీటి పొక్కులు. "నొప్పేం లేదు సార్, దోమ కుట్టిందేమో అనుకున్నా" అన్నాడు. ఆ నొప్పి లేకపోవడమే ఈ పుండు లక్షణం. అంత వికారంగా కనిపించే పుండు నొప్పి పెట్టకపోతే అనుమానించాలి. సాధారణంగా ముట్టుకున్న వారం లోపే వస్తుంది. గిల్లకూడదు, కోయించకూడదు, పసరు పిండకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి ముందుగా చెప్పాల్సింది "చచ్చిన పశువును కోశాను" అనే మాట. అది చెప్పకపోతే మామూలు సెగ్గడ్డ అనుకుని పంపేసే అవకాశం ఉంది. చర్మానికి వచ్చే రకం సరైన యాంటీబయాటిక్స్ వేళకు పడితే నయమవుతుంది, ఆయనకూ నయమైంది, నల్లటి పెచ్చు రాలి మచ్చ మిగిలింది. మాంసం తిన్నవాళ్ళకు జ్వరం, కడుపునొప్పి, వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే మాత్రం గంటలు లెక్కే, 108కి ఫోన్ చేయాలి.

బాగా ఉడికిస్తే చస్తుంది కదా అని అడుగుతారు. లావు ముక్క లోపలిదాకా ఎంత వేడి ఎక్కిందో ఎవరూ కొలవరు, స్పోరు మామూలు వంటకు లొంగే రకం కాదు, పైగా వండేలోపే కోసిన చెయ్యికి, కత్తిపీటకు, పక్కన కూర్చున్న పిల్లాడికి అంటుకుని ఉంటుంది. విశాఖ ఏజెన్సీలో, అరకు పాడేరు వైపు, చచ్చిన మేకనో పశువునో కోసి తిన్నాక ఊళ్ళకు ఊళ్ళు ఈ పుండ్లతో ఆస్పత్రులకు చేరిన సందర్భాలు ఉన్నాయి. అక్కడి వాళ్ళకు తెలియక అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఏడాదికి నాలుగు సార్లు మాంసం దొరికే ఇంట్లో చచ్చిన పశువును మట్టిలో పెట్టమంటే ఎంత కష్టమో ఆలోచించాలి. తోలు తీసే పని చేసేవాళ్ళ సంగతీ అంతే. యజమాని దూరంగా నిలబడి "తీసుకెళ్ళండి" అంటాడు, చెయ్యి పెట్టేది వాళ్ళు, పుండు పడేది వాళ్ళకి. వాళ్ళకు విషయం దాచిపెట్టడం అన్యాయం. ఆ రోజు పిలిచి వెనక్కి పంపిన వాళ్ళకు కూలి ఇప్పించమని గేదె యజమానికి చెప్పాను, ఇచ్చాడు.

ఊళ్ళో ఆ రోజు చేసింది ఇది. ఫ్రిజ్‌లో, ఉట్టి మీద, ఎండబెట్టిన వరుగుల్లో మిగిలిన మాంసం అంతా, తోలుతో సహా వెనక్కి తెప్పించి గేదె గొయ్యిలోనే వేయించాం. కేసు పెడతామని బెదిరిస్తే దాచేస్తారు, అందుకే డాక్టరమ్మ, ఆశా కార్యకర్త ఇద్దర్నీ పిలిపించి, కోసినవాళ్ళు, వండినవాళ్ళు, తిన్నవాళ్ళు అందరి పేర్లూ రాయించాం, ముందుజాగ్రత్తగా మాత్రలు ఎవరికివ్వాలో ఆమె నిర్ణయించారు. పాత కత్తులు, గోతాలు మంటలో వేసి కాల్చేశాం. పారేయలేని బట్టలు, గిన్నెలు మూత పెట్టి అరగంటకు తక్కువ కాకుండా సలసల మరిగించమన్నాం. ఎద్దును కోసిన చోట మట్టి తీసి, కాల్చి, కంచె వేయించాం. అంత చేసినా నాలుగు రోజులు ఆలస్యమైన పని అది, ఆ చోటు శుభ్రమైందని నేను ఎప్పుడూ అనను.

మిగిలిన మంద

ఆ బీడులో మేసినవి మొత్తం పద్నాలుగు. ఉదయం, సాయంత్రం థర్మామీటరు పెట్టడమే అసలు పని. మామూలుగా 101, 102 డిగ్రీల మధ్య ఉంటుంది, దొమ్మలో 106, 107కి వెళుతుంది. పశువు ఇంకా మేస్తూనే ఉండొచ్చు, కాబట్టి కళ్ళతో చూసి బాగుందని చెప్పడానికి వీల్లేదు. మూడో రోజు సాయంత్రం ఒక ఆవుకు 106 దాటింది, పాలు సగానికి పడిపోయాయి. వెంటనే వేరు చేసి పెన్సిలిన్ మొదలుపెట్టాం, బతికింది. జ్వరం వచ్చిన పశువు పాలు తాగకూడదు, అమ్మకూడదు, మరగబెట్టి గొయ్యిలో పోయాలి.

జ్వరం లేని వాటికి టీకా వేశాం. ఇది బతికున్న స్పోర్లతో చేసిన టీకా, దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ 1930లలో కనిపెట్టిన బలహీన రకం నుంచి వచ్చింది. బతికున్న టీకా కాబట్టి యాంటీబయాటిక్ ఇస్తున్న పశువుకు వేస్తే ఆ మందే టీకాను చంపేస్తుంది. చాలా చోట్ల జరిగే పొరపాటు ఇదే, భయంతో ఒకే రోజు అన్నిటికీ ఇంజెక్షనూ, టీకా రెండూ వేయించేస్తారు, టీకా వేసిన తృప్తి మిగులుతుంది గానీ రక్షణ రాదు. పెన్సిలిన్ పడిన ఆ ఆవుకు చివరి డోసు తర్వాత పది రోజులు ఆగి వేశాం. టీకా పడ్డాక కూడా రక్షణ రావడానికి వారం పది రోజులు పడుతుంది, ఆలోపు ఇంకొకటి చనిపోతే టీకా వల్లే చచ్చిందని ఊరంతా అంటుంది, ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. చివరి మరణం తర్వాత ఇరవై రోజుల దాకా ఆ మంద నుంచి పశువును సంతకు తోలనివ్వలేదు, కొననివ్వలేదు.

ఒకసారి దొమ్మ వచ్చిన ఊళ్ళో ఏటా తొలకరికి ముందు, మే నెలలో, ఈ టీకా వేయించాలి, ఒక్క ఏడాది వేసి వదిలేస్తే చాలదు. ఎప్పుడూ రాని ఊళ్ళో అక్కర్లేదు.

ఆ బీడులో రోగం ఎందుకు వచ్చిందో అడుగుతూ పోతే ఒక పెద్దాయన చెప్పాడు, ఆయన చిన్నప్పుడు చచ్చిన పశువుల్ని పారేసే చోటు అదేనట. ఆ ఎండాకాలంలోనే అక్కడ మట్టి తవ్వి ఇళ్ళ పునాదులకు తోలారు. పైకి వచ్చిన మట్టిని వాన కడిగి పల్లానికి చేర్చింది, తర్వాత ఎండకు గడ్డి పొట్టిగా అయి పశువులు నేలను నాకినంత దగ్గరగా మేశాయి. అందుకే గేదెను పూడ్చిన చోటు ఫోన్లో లొకేషన్ గుర్తు పెట్టి, సర్వే నంబరుతో సహా పంచాయతీ రిజిస్టరులో రాయించాం, చుట్టూ ముళ్ళ తీగ వేసి బ్రహ్మజెముడు నాటాం. అక్కడ దున్నకూడదు, మేపకూడదు, మట్టి తవ్వకూడదు, ఉపాధి హామీ గుంటలు తీయకూడదు అని ఆ పేజీలోనే రాసి ఉంది. సర్పంచి మారినప్పుడల్లా నేను ఫోన్ చేసి ఆ పేజీ నంబరు చెబుతుంటాను.